ఇస్తామనరు, ఇవ్వమనరు

బీమా కంపెనీ క్లెయిమును తిరస్కరిస్తే కుటుంబం చేతికి కనీసం ఒక కాగితం వస్తుంది. అందులో కారణం రాసి ఉంటుంది. ఆ కారణం తప్పని వాదించుకోవచ్చు, పై మెట్టుకు వెళ్లవచ్చు. అసలు చిక్కంతా ఏ కాగితమూ రానప్పుడే. ఇంటి యజమాని పోయి ఏడాది కావస్తుంటుంది, క్లెయిమ్ ఫారాలు ఇచ్చి నెలలు గడిచిపోతాయి. బ్రాంచికి వెళితే “ఫైలు పైకి వెళ్లిందమ్మా, అక్కడి నుంచి రావాలి” అంటారు. ఏజెంటుకు ఫోన్ చేస్తే “వచ్చేస్తుంది వదినా, ఇంకో పదిహేను రోజులు” అంటాడు. ఇస్తామనీ అనరు, ఇవ్వమనీ అనరు. దేని మీద పోట్లాడాలో తెలియక నామినీలు ఎదురుచూస్తూ కూర్చుంటారు.

అయితే ఏ నిర్ణయమూ చెప్పకుండా నాన్చడం కూడా ఫిర్యాదు చేయదగ్గ తప్పే. బీమా అంబుడ్స్‌మన్ నియమావళి (2017) వినదగిన ఫిర్యాదుల జాబితాలో మొట్టమొదట పెట్టింది దీన్నే: నియంత్రణ సంస్థ పెట్టిన గడువు దాటి క్లెయిమ్ పరిష్కారంలో ఆలస్యం చేయడం. తిరస్కరణ దాని తరవాతే వస్తుంది. ఇలాంటి ఫిర్యాదులో వాదనా పటిమకు పెద్దగా పని ఉండదు. ఏ కాగితం ఏ రోజు ఇచ్చారో, ఎవరు ఏ రోజు ఏమి అడిగారో, గడువు ఏ రోజుకు తీరిందో చూపగలిగితే మూడొంతుల పని అయినట్టే.

అంబుడ్స్‌మన్ ఎవరు?

కోర్టు మెట్లెక్కకుండా, ఫీజు కట్టకుండా బీమా తగాదాలు తేల్చే ఏర్పాటు మన దేశంలో 1998లో మొదలైంది. ఆ పాత నియమాల స్థానంలో 2017లో కొత్త నియమావళి వచ్చింది. 2021లోనూ 2023లోనూ దానికి సవరణలు జరిగాయి. అంబుడ్స్‌మన్ బీమా కంపెనీ ఉద్యోగి కాదు. బీమా రంగంలోనో, పరిపాలనా సర్వీసుల్లోనో, న్యాయ సేవల్లోనో అనుభవం ఉన్నవారిని ఈ పదవిలో నియమిస్తారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, యానాంలకు సంబంధించిన కార్యాలయం హైదరాబాద్‌లో లక్డీకాపూల్ దగ్గర ఏసీ గార్డ్స్‌లో ఉంది. మీరు ఉండే చోటును బట్టి గానీ, మీ ఫిర్యాదు ఏ బ్రాంచి మీదనో దాన్ని బట్టి గానీ కార్యాలయాన్ని ఎంచుకోవచ్చు. కాబట్టి పాలసీ గుంటూరులో తీసుకున్నదైనా, నామినీ ఇప్పుడు కొడుకు దగ్గర బెంగళూరులో ఉంటుంటే అక్కడి కార్యాలయానికే రాసుకోవచ్చు.

పాలసీదారు మాత్రమే కాదు, నామినీ, చట్టబద్ధ వారసులు, పాలసీని రాయించుకున్నవారు కూడా ఫిర్యాదు చేయవచ్చని నియమం స్పష్టంగా చెబుతోంది. వకీలు అవసరం లేదు. తెల్ల కాగితం మీద తెలుగులో రాసి సంతకం పెట్టినా సరే, ఈమెయిల్ పంపినా సరే, `cioins.co.in` వెబ్‌సైట్‌లో నమోదు చేసినా సరే.

గడువు ఎంత?

“ఆలస్యం” అంటే నామినీకి విసుగు పుట్టేంత కాలం అని కాదు. దానికి లెక్క ఉంది. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024లో కొత్త నిబంధనలు, వాటితోపాటు సమగ్ర సర్క్యులర్లు తెచ్చింది. వాటి ప్రకారం విచారణ అక్కరలేని మరణ క్లెయిమును 15 రోజుల్లో, విచారణ కావలసిన దాన్ని 45 రోజుల్లో తేల్చాలి. అంతకుముందు, 2017 నిబంధనల కాలంలో, మామూలు క్లెయిముకు 30 రోజులు, విచారణ ఉంటే దానికి 90 రోజులు, ఆ పైన చెల్లింపునకు మరో 30 రోజులు ఉండేవి. పాత మరణాలకు సంబంధించిన ఫైళ్లలో ఈ పాత గడువులే కనిపిస్తాయి కాబట్టి, మీ క్లెయిమ్ ఎప్పటిదో చూసుకుని లెక్కపెట్టుకోవాలి.

విచారణ ఎప్పుడు పెడతారు? పాలసీ మొదలై మూడేళ్లు నిండకుండానే మనిషి పోతే దాన్ని ముందస్తు క్లెయిమ్ అంటారు. పాలసీ తీసుకునేటప్పుడు జబ్బు దాచారేమోనన్నది కంపెనీ అనుమానం. బీమా చట్టంలోని 45వ సెక్షన్ ప్రకారం మూడేళ్లు దాటిన పాలసీని ఏ కారణంతోనూ ప్రశ్నించకూడదు. ఆ లోపైతే మోసం జరిగిందనో, ముఖ్యమైన విషయం తప్పుగా చెప్పారనో ప్రశ్నించవచ్చు. అందుకే విచారణాధికారి ఊళ్లోకి వచ్చి ఇరుగుపొరుగును, మందుల షాపువాణ్ణి, ఆర్ఎంపీని కూడా అడిగి వెళతాడు. దాన్ని తప్పుపట్టలేం. కానీ విచారణకూ గడువుంది, ఆ 45 రోజుల్లోనే అది ముగియాలి. ఈ మూడేళ్లను పాలసీ మొదలైన రోజు నుంచే కాకుండా, మధ్యలో ప్రీమియం ఆగిపోయి మళ్లీ పునరుద్ధరించుకుని ఉంటే ఆ రోజు నుంచి కూడా లెక్కిస్తారు. పదేళ్ల పాలసీ అయినా నిరుడు పునరుద్ధరించినదైతే ముందస్తు క్లెయిమ్ కిందికే రావచ్చు.

ఒక కేసు, తేదీల వారీగా

ఇదంతా ఎలా నడుస్తుందో చూడటానికి ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. తెనాలి దగ్గరి ఊళ్లో వెల్డింగ్ షాపు నడిపే ఒకాయన 2022 నవంబరు 12న రూ.12 లక్షల జీవిత బీమా తీసుకున్నాడు. నామినీ భార్య. 2025 జనవరి 30న గుండెపోటుతో ఇంట్లోనే పోయాడు. పాలసీకి రెండేళ్లు దాటి రెండు నెలలే అయ్యాయి కనుక ఇది ముందస్తు క్లెయిమ్.

ఆమె ఫిబ్రవరి 24న బ్రాంచిలో క్లెయిమ్ ఫారం, మరణ ధ్రువపత్రం, పాలసీ బాండు, తన ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ ప్రతి, రద్దు చేసిన చెక్కు ఇచ్చింది. ఇచ్చిన కాగితాల జాబితా ఒకటి రెండు ప్రతులుగా రాసుకుని వెళ్లింది. ఒకటి కౌంటర్‌లో ఇచ్చి, రెండోదాని మీద ఇన్‌వర్డ్ ముద్ర, తేదీ వేయించుకుంది. మొత్తం కేసులో అన్నిటికంటే విలువైన కాగితం ఈ ముద్ర పడిన జాబితాయే. 45 రోజుల లెక్క అక్కడి నుంచి నడుస్తుంది, ఏప్రిల్ 10కి తీరుతుంది.

బ్రాంచిలోనే ఒక అడ్డంకి బయటపడింది. పాలసీలో ఆమె పేరు పుట్టింటి ఇంటిపేరుతో ఉంది, ఆధార్‌లో మెట్టినింటి ఇంటిపేరుతో ఉంది. భర్త పేరు పాలసీలో పొడి అక్షరాలతో, మరణ ధ్రువపత్రంలో పూర్తిగా ఉంది. మన ప్రాంతంలో ఇది ఇంటింటి కథే. ఆ ఇద్దరూ ఒకరేనని నోటరీ చేయించిన అఫిడవిట్ ఒకటి, పెళ్లి రుజువు ఒకటి మొదటి రోజే జత చేస్తే సరిపోయేది. ఆమె మార్చి 3న ఇచ్చి, దానికీ ముద్ర వేయించుకుంది.

ఏప్రిల్ 2న కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది: గత మూడేళ్ల ఆస్పత్రి రికార్డులు కావాలని. ఆయన 2024లో జ్వరానికి రెండు రోజులు ఆస్పత్రిలో ఉన్నాడు. ఆ డిశ్చార్జి పత్రం, “ఇంతకుమించి చికిత్స ఏదీ లేదు” అన్న ఉత్తరం ఏప్రిల్ 15న ఇచ్చింది. మే 20న మరో ఉత్తరం: యజమాని ఇచ్చిన సెలవుల ధ్రువపత్రం పంపండి. షాపు ఆయనదే, యజమాని ఎవరున్నారు? అదే రాసి, మున్సిపాలిటీ ట్రేడ్ లైసెన్సు ప్రతి జతచేసి మే 27న ఇచ్చింది. జూన్ 23న మూడోది: మరణ ధ్రువపత్రం మళ్లీ పంపండి. అది ఫిబ్రవరిలోనే అందినట్టు వాళ్ల ముద్రే చెబుతోంది.

కంపెనీ తీరులోని అసలు తప్పు ఇక్కడ కనిపిస్తుంది. కావలసిన కాగితాలన్నీ ఒకేసారి అడగాలి తప్ప విడతలు విడతలుగా అడగకూడదని 2017 నిబంధనల్లోనే ఉంది. ఉత్తరం వచ్చినప్పుడల్లా గడువు మొదటికొచ్చిందని కంపెనీ అంటుంది. నామినీ మూడు ఉత్తరాలనూ పక్కపక్కన పెట్టి, వాటిలో ఏది మొదటి రోజే అడగదగింది, ఏది అప్పటికే అందింది, ఏది ఈ మనిషికి వర్తించనే వర్తించదు అని చూపిస్తే ఆ వాదన నిలవడం కష్టం.

ముందు కంపెనీకే

నామినీలు ఎక్కువగా దెబ్బతినేది ఈ మెట్టు దగ్గరే. నెలల తరబడి బ్రాంచి చుట్టూ తిరిగి నేరుగా అంబుడ్స్‌మన్‌కు రాస్తే, “ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేశారా?” అన్న ప్రశ్నతో అది వెనక్కి వస్తుంది. క్లెయిమ్ ఫారం ఫిర్యాదు కాదు. కౌంటర్‌లో అడగడం ఫిర్యాదు కాదు. ఏజెంటుకు పెట్టిన వాట్సాప్ సందేశమూ కాదు. ప్రతి బీమా కంపెనీకి ఫిర్యాదుల పరిష్కార అధికారి ఒకరు ఉంటారు. ఆ అధికారి చిరునామా, ఈమెయిల్ పాలసీ బాండులోనూ, కంపెనీ వెబ్‌సైట్‌లోనూ ఉంటాయి. ఫిర్యాదు ఆయనకే పంపాలి. కాగితం మీదనైనా, ఈమెయిల్‌లోనైనా, కంపెనీ వెబ్‌సైట్ ద్వారానైనా పంపవచ్చు.

మన ఉదాహరణలోని ఆమె జూన్ 30న ఈమెయిల్ పంపి, అదే ప్రతిని స్పీడ్ పోస్టులో కూడా వేసింది. ఉత్తరం పొడవుగా లేదు. సారాంశం ఇంతే:

“మా వారి పాలసీ మీద 2025 ఫిబ్రవరి 24న క్లెయిమ్ ఇచ్చాను. రసీదు ముద్ర ప్రతి జతచేశాను. మీరు ఏప్రిల్ 2, మే 20, జూన్ 23 తేదీల్లో అడిగినవాటికి జవాబులు ఇచ్చాను. మరణ ధ్రువపత్రం మొదటి రోజే మీకు అందింది, ఇప్పుడు మరో ప్రతి పంపుతున్నాను. ఇంతవరకు క్లెయిమ్ ఇస్తున్నదీ లేనిదీ మీరు చెప్పలేదు. రూ.12 లక్షలు, ఆలస్యానికి వడ్డీతో కలిపి చెల్లించాలని కోరుతున్నాను. దీన్ని ఫిర్యాదుగా నమోదు చేసి, నంబరు తెలియజేయగలరు.”

ఈ ఉత్తరంలో ఆఖరి వాక్యం ముఖ్యం. నమోదు నంబరు లేకపోతే “మాకు ఫిర్యాదు రాలేదు, విచారణ ఉత్తరం మాత్రమే వచ్చింది” అనే అవకాశం కంపెనీకి దొరుకుతుంది. దీనితోపాటు ఐఆర్‌డీఏఐ నడిపే బీమా భరోసా పోర్టల్‌లో కూడా నమోదు చేసుకోవచ్చు. 155255కు ఫోన్ చేసినా నమోదు చేస్తారు. అయితే బీమా భరోసా మీ ఫిర్యాదును కంపెనీకి పంపించి, జవాబు వచ్చిందా లేదా అని చూస్తుంది. క్లెయిమ్ ఇవ్వాలా వద్దా అని తీర్పు చెప్పేది మాత్రం అంబుడ్స్‌మనే.

ఉత్తరం కంపెనీకి జూలై 2న అందినట్టు పోస్టాఫీసు ట్రాకింగ్‌లో ఉంది. అక్కడి నుంచి నెల రోజులు ఆగాలి. ఆ లోపు తిరస్కరించినా, తృప్తికరం కాని జవాబిచ్చినా అప్పుడే అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లవచ్చు. జవాబే రాకపోతే నెల గడిచాక వెళ్లవచ్చు. వెళ్లడానికి ఏడాది సమయం ఉంటుంది. ఆ ఏడాది దాటినా సరైన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించే అధికారం అంబుడ్స్‌మన్‌కు ఉంది కానీ, దాని మీద ఆధారపడి కూర్చోకూడదు.

ఈ నెల రోజుల్లో కంపెనీ నుంచి “మీ క్లెయిమ్ పరిశీలనలో ఉంది” అన్న ఒక వాక్యం జవాబు రావడం మామూలే. చాలామంది దాన్ని చూసి మళ్లీ ఎదురుచూపుల్లో పడతారు. అది నిర్ణయం కాదు. తృప్తికరం కాని జవాబు కిందికే వస్తుంది. ఆ ఉత్తరాన్నే సాక్ష్యంగా జతచేసి ముందుకు వెళ్లవచ్చు.

అంబుడ్స్‌మన్ దగ్గర

ఆగస్టు 6న ఆమె ఫిర్యాదు పంపింది. పేరు, చిరునామా, ఏ కంపెనీ, ఏ బ్రాంచి, పాలసీ నంబరు, జరిగింది ఏమిటి, ఎంత నష్టం, ఏమి కోరుతున్నారు - ఇవీ ఉండాల్సిన అంశాలు. దానితోపాటు ఒకే పేజీలో తేదీల పట్టిక పెట్టింది: ఎడమ వైపు తేదీ, మధ్యలో ఏమి జరిగింది, కుడి వైపు దానికి రుజువు ఏ జతపత్రం. యాభై పేజీల జిరాక్సుల కట్ట కంటే ఈ ఒక్క పేజీ ఎక్కువ పని చేస్తుంది, ఎందుకంటే విచారణ రోజున అంబుడ్స్‌మన్ అడిగే మొదటి ప్రశ్నకు అదే జవాబు: ఆఖరి కాగితం ఎప్పుడిచ్చారు?

ఏమి కోరుతున్నారన్న చోట “న్యాయం చేయగలరు” అని వదిలేయకూడదు. ఎంత మొత్తం, ఏ తేదీ నుంచి వడ్డీ అన్నది రాయాలి. ఇదే విషయం మీద ఏ కోర్టులోనూ, వినియోగదారుల కమిషన్‌లోనూ కేసు లేదని కూడా రాయాలి. ఎందుకంటే అదే తగాదా ఇంకో చోట నడుస్తుంటే, లేదా అప్పటికే తేలిపోయి ఉంటే, అంబుడ్స్‌మన్ దాన్ని తీసుకోరు. ఒకేసారి రెండు చోట్లా వేస్తే రెండింటిలో ఏదో ఒకటి వస్తుందనుకోవడం ఇక్కడ పనికిరాదు.

ఫిర్యాదు నిబంధనల ప్రకారం ఉందని తేలితే కార్యాలయం ఒక సమ్మతి పత్రం పంపుతుంది. మధ్యవర్తిత్వానికి, తీర్పునకు ఒప్పుకుంటున్నానని నామినీ దాన్ని నింపి పంపాలి. చాలా ఫైళ్లు ఈ కాగితం దగ్గరే నెలల కొద్దీ పడి ఉంటాయి, ఎందుకంటే అది ఏదో రొటీన్ ఉత్తరం అనుకుని పక్కన పడేస్తారు. ఫిర్యాదుదారు నుంచి రావాల్సినవన్నీ అందిన రోజు నుంచి మూడు నెలల్లో అంబుడ్స్‌మన్ తీర్పు ఇవ్వాలి. సమ్మతి పత్రం వెళ్లకపోతే ఆ మూడు నెలల లెక్క మొదలే కాదు. ఆమె ఆగస్టు 25న పంపింది. నవంబరు 25లోగా తేలాలి.

అటు కంపెనీ కూడా తన వైపు కథను ఒక నోట్‌గా రాసి పంపాలి. పాలసీ వివరాలు, విచారణ నివేదిక, ఆలస్యానికి కారణం అందులో ఉంటాయి. తరవాత విచారణ. హైదరాబాద్‌కు రాలేనివారికి వీడియో ద్వారా కూడా జరుపుతారు. అది కోర్టు బోనులా ఉండదు. ఆమె చెప్పేది వింటారు, కంపెనీ ప్రతినిధి చెప్పేది వింటారు, రెండు పక్షాలను ప్రశ్నలడుగుతారు. ఇద్దరూ ఒప్పుకుంటే రాజీ సిఫార్సు చేస్తారు. ఆ సిఫార్సును నామినీ అంగీకరిస్తే కంపెనీ 15 రోజుల్లో అమలు చేయాలి. రాజీ కుదరకపోతే తీర్పు ఇస్తారు.

నోటీసు వెళ్లాక రెండు మలుపులు

ఆలస్యం ఫిర్యాదులకు ఒక ప్రత్యేకత ఉంది. అంబుడ్స్‌మన్ నోటీసు చేరగానే, అన్ని నెలలు కదలని ఫైలు కదలడం తరచూ జరిగేదే. ఆ కదలిక ఏ వైపు ఉంటుందో ముందే ఊహించి సిద్ధంగా ఉండాలి.

ఒకటి, డబ్బు రావడం. మన ఉదాహరణలో విచారణకు ముందే, అక్టోబరు 10న, రూ.12 లక్షలు ఆమె ఖాతాలో పడ్డాయి. వడ్డీ లేదు. కంపెనీ మనిషి ఫోన్ చేసి “డబ్బు వచ్చేసిందిగా అమ్మా, ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నట్టు ఒక్క సంతకం పెట్టండి” అన్నాడు. పెట్టాల్సిన పని లేదు. ఆలస్యమైన క్లెయిముకు రిజర్వు బ్యాంకు బ్యాంక్ రేటు మీద రెండు శాతం కలిపి వడ్డీ ఇవ్వాలన్నది నిబంధన. 2025 ఏప్రిల్ 1న బ్యాంక్ రేటు 6.5 శాతం. రెండు కలిపితే 8.5 శాతం. పన్నెండు లక్షల మీద ఏడాదికి రూ.1,02,000, నెలకు రూ.8,500. గడువు తీరిన ఏప్రిల్ 10 నుంచి డబ్బు పడిన అక్టోబరు 10 వరకు ఆరు నెలలకు సుమారు రూ.51 వేలు. వెల్డింగ్ షాపు మూతపడిన ఇంటికి అది చిన్న మొత్తం కాదు. కాబట్టి ఆమె “అసలు అందింది, వడ్డీ అందలేదు, వడ్డీ మేరకు ఫిర్యాదు కొనసాగించగలరు” అని రాసి ఇచ్చింది. వడ్డీని ఏ రోజు నుంచి కట్టాలన్న దగ్గర కంపెనీ వాదిస్తుంది. మే 27న ఇచ్చిన కాగితమే ఆఖరిది కాబట్టి అప్పటి నుంచే లెక్క అంటుంది. క్లెయిమ్ తేలి ఉండాల్సిన తేదీ నుంచి చెల్లించే తేదీ దాకా వడ్డీ అని అంబుడ్స్‌మన్ నియమావళి చెబుతోంది. ఆ తేదీ ఏదన్నది మళ్లీ ముద్రలు పడిన కాగితాలే తేలుస్తాయి.

రెండో మలుపు తిరస్కరణ. నోటీసు అందాక “పాలసీకి ముందే షుగర్ ఉంది, దాచారు” అని కంపెనీ ఉత్తరం పంపవచ్చు. అప్పుడు తగాదా ఆలస్యం నుంచి తిరస్కరణకు మారిపోతుంది. భయపడి ఫిర్యాదు వదిలేయకుండా, ఆ కారణానికి జవాబు రాసి అంబుడ్స్‌మన్‌కు పంపాలి. ఇక్కడ అడగాల్సినవి సూటి ప్రశ్నలు. ఆ జబ్బు ఉందని చెప్పడానికి ఏ ఆస్పత్రి రికార్డు, ఏ తేదీది? అది పాలసీకి ముందుదా, తరవాతదా? ప్రపోజల్ ఫారంలో ఆ ప్రశ్న అడిగారా? ఎవరో పొరుగువాడు చెప్పాడన్న విచారణాధికారి నోట్ కంటే, తేదీ ఉన్న వైద్య రికార్డుకే బరువుంటుంది. రికార్డు నిజంగానే పాలసీకి ముందుదైతే, అందులో జబ్బు స్పష్టంగా ఉంటే, నామినీ వాదన బలహీనమేనని కూడా ఒప్పుకోవాలి.

ఎక్కడ పని చేయదు

ప్రతి జాప్యమూ కంపెనీ తప్పు కాదు. భార్య నామినీగా ఉన్నా, తల్లి “నాకూ వాటా ఉంది” అంటూ సివిల్ కోర్టుకు వెళ్లి స్టే తెస్తే కంపెనీ చెల్లించలేదు. అలాంటి పోటీ హక్కుల తగాదాలో డబ్బును కోర్టులో జమచేసే దారి కూడా బీమా చట్టం కంపెనీకి ఇచ్చింది. 2015 సవరణ తరవాత భార్య, భర్త, పిల్లలు, తల్లిదండ్రులు నామినీలైతే వారికి డబ్బు మీద లబ్ధిదారు హక్కు వచ్చింది కాబట్టి నామినీ వాదన మునుపటికంటే బలపడింది. కానీ కోర్టు ఉత్తర్వు ఉన్నంతవరకు అంబుడ్స్‌మన్ చేయగలిగింది తక్కువ. నామినీ మైనరై, అతని తరఫున తీసుకునేవారి పేరు పాలసీలో లేకపోయినా ఇలాంటి చిక్కే.

ప్రమాదంలోనో అనుమానాస్పదంగానో పోయినప్పుడు ఇంకో రకం ఆలస్యం ఉంటుంది. ఎఫ్ఐఆర్, శవపంచనామా, పోస్టుమార్టం నివేదిక, అవయవాల నమూనాలు ఫోరెన్సిక్ ల్యాబుకు వెళ్లి ఉంటే ఆ నివేదిక, అన్నీ పోలీసుల చేతిలో ఉంటాయి. అక్కడ నెలలు పడుతుంది. అయినా ఒక మాట అడిగి చూడవచ్చు. సాధారణ జీవిత బీమాలో ఆత్మహత్య మినహాయింపు మొదటి ఏడాదికే. పాలసీ ఆ ఏడాది దాటి ఉంటే, ప్రమాద బీమా రైడర్ మొత్తానికి మాత్రమే మరణ కారణం కీలకమవుతుంది. అసలు బీమా మొత్తాన్ని ఇప్పుడే చెల్లించి, రైడర్ మొత్తాన్ని నివేదిక వచ్చాక తేల్చమని రాతపూర్వకంగా కోరితే, మొత్తం ఫైలును ఆపడానికి కంపెనీ కారణం చెప్పుకోవలసి వస్తుంది.

పరిహారానికీ పరిమితి ఉంది. ఖర్చులతో కలిపి రూ.50 లక్షలకు మించి అంబుడ్స్‌మన్ ఇప్పించలేరు. 2023 సవరణకు ముందు ఇది రూ.30 లక్షలే. కోటి రూపాయల టర్మ్ పాలసీ ఆగిపోతే వినియోగదారుల కమిషన్‌కు వెళ్లడమే మేలు. అలాగే పరిహారం అసలు జరిగిన నష్టానికి మించకూడదు. తిప్పలు పెట్టినందుకు, మనోవేదనకు లక్షలు ఇప్పించమని అడిగితే అది ఇక్కడ దక్కేది కాదు.

తీర్పు వచ్చాక

తీర్పు కంపెనీని కట్టిపడేస్తుంది, నామినీని కట్టిపడేయదు. ఆమెకు నచ్చకపోతే వినియోగదారుల కమిషన్‌కో కోర్టుకో వెళ్లే హక్కు ఉంటుంది. కంపెనీ మాత్రం తీర్పు అందిన 30 రోజుల్లో అమలు చేసి, ఆ సంగతి అంబుడ్స్‌మన్‌కు తెలియజేయాలి. ఆ గడువు కూడా దాటిస్తే రోజుకు రూ.5,000 చొప్పున ఫిర్యాదుదారుకు చెల్లించాలని ఐఆర్‌డీఏఐ 2024లో నిర్దేశించింది. ఇది తీర్పులోని వడ్డీకి అదనం. అందువల్ల తీర్పు ప్రతి కంపెనీకి ఏ రోజు చేరిందో తెలుసుకుని రాసి పెట్టుకోవాలి. ముప్పై ఒకటో రోజున డబ్బు రాకపోతే ఆ సంగతి అంబుడ్స్‌మన్ కార్యాలయానికి, బీమా భరోసాకు అదే రోజు రాయాలి.

ఇప్పటికే ఇలాంటి క్లెయిమ్ నానుతున్న ఇంట్లో ముందుగా చేయాల్సింది, ఇచ్చిన కాగితాలు, వచ్చిన ఉత్తరాలు తేదీల వారీగా పేర్చి చూడటం. బ్రాంచి ముద్ర లేని కాగితం ఏదైనా ఉంటే దాన్ని మరో కవరింగ్ లెటర్‌తో ఈవారమే మళ్లీ ఇచ్చి ముద్ర వేయించుకోండి. గడువు తీరిపోయి ఉంటే ఫిర్యాదుల అధికారికి అదే రోజు ఉత్తరం రాయండి. నెల రోజుల లెక్క మొదలయ్యేది ఆ ఉత్తరం చేరిన నాటి నుంచే. అది వెళ్లనంతకాలం కంపెనీకి తొందరేమీ ఉండదు.